బూజు పట్టిన పాత ఫ్లాపీలను చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లోని ఇళ్లలో ఇప్పటికీ దొరికే ఫ్లాపీల్లో అత్యధికం 1990ల నాటి మూడున్నర అంగుళాల 1.44 మెగాబైట్ల రకానివే. పరిశోధన గ్రంథాల అధ్యాయాలు, డీటీపీ సెంటర్లలో కొట్టించిన పుస్తకాలు, చిన్న వ్యాపారాల లెక్కలు వాటిలో ఉంటాయి. అందువల్ల ఈ సమాధానాలు ప్రధానంగా ఆ రకాన్ని, అందులోనూ బూజు పట్టిన ఫ్లాపీని దృష్టిలో ఉంచుకొని రాసినవి.

పాత ఫ్లాపీ దొరికింది. డ్రైవులో పెట్టి చూడవచ్చా?

వెంటనే పెట్టకండి. ముందు దాని ఉపరితలాన్ని కంటితో చూడాలి. ఫ్లాపీ తిరుగుతున్నప్పుడు డ్రైవులోని రెండు హెడ్లు పైనుంచీ కిందనుంచీ దాని పూతను నేరుగా తాకుతూ ఉంటాయి. హార్డ్ డిస్కులో మాదిరిగా మధ్య గాలిపొర ఉండదు. పూత మీద బూజు గానీ ఇసుక రేణువు గానీ ఉంటే హెడ్డు దానిని నిమిషానికి 300 సార్లు పూతకేసి రుద్దుతుంది. అప్పటివరకు చదవదగిన స్థితిలో ఉన్న ట్రాకు, అంటే సమాచారం రాసిన వలయం, కొన్ని క్షణాల్లో గీతలు పడి శాశ్వతంగా పోతుంది. అంతటితో ఆగదు. ఆ మురికి హెడ్డుకు అంటుకొని, తరువాత పెట్టిన మంచి ఫ్లాపీని కూడా గీస్తుంది. ఒక పెట్టెనిండా ఫ్లాపీలు ఉన్నవారు వరుసగా ఒక్కొక్కటే పెట్టి చూసినప్పుడు, మొదటి రెండు మూడు చదివి మిగతావన్నీ చదవకపోవడానికి తరచుగా ఇదే కారణం.

చూసే పద్ధతి సులభం. లోహపు రేకును పక్కకు జరిపి పట్టుకొని, వెనుకవైపు మధ్యలో ఉన్న లోహపు చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతూ, టార్చి వెలుతురు ఏటవాలుగా పడేటట్టు చేసి, రెండు వైపులా ఒక పూర్తి చుట్టు చూడండి. ఆరోగ్యంగా ఉన్న పూత ముదురు గోధుమ లేదా నలుపు రంగులో, ఎక్కడా తేడా లేకుండా నున్నగా మెరుస్తుంది. బూజు తెల్లని లేదా బూడిదరంగు మచ్చలుగా, ఒక్కోసారి సన్నని వేళ్లు అల్లుకున్నట్టుగా కనిపిస్తుంది. వలయాకారంలో గీత ఉంటే ఏదో ఒక హెడ్డు దానిని ఇదివరకే గీసిందన్నమాట. ఆ గీత వెనుక టార్చి పెట్టినప్పుడు వెలుతురు స్పష్టంగా ఇవతలికి వస్తే, అక్కడ పూత పూర్తిగా ఊడిపోయి కింది ప్లాస్టిక్ పొర మాత్రమే మిగిలిందని అర్థం.

చూడటం ముగిశాక చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ఫ్లాపీ మూలనున్న చిన్న ప్లాస్టిక్ మీటను జరిపి ఆ రంధ్రం తెరుచుకొనేటట్టు చేయాలి. రంధ్రం గుండా అవతలి వెలుతురు కనిపిస్తే, ఇక ఆ ఫ్లాపీ మీద ఏ డ్రైవూ ఏమీ రాయలేదు. ఈ జాగ్రత్త అనవసరం అనుకోకండి. విండోస్ 95 మొదలైన కొన్ని వ్యవస్థలు ఫ్లాపీని కేవలం చదవమన్నప్పుడు కూడా దాని మొదటి సెక్టారులో, అంటే ట్రాకులోని మొదటి 512 బైట్ల ముక్కలో, ఒక గుర్తింపు సంఖ్యను రాసేవి. ఇప్పటి విండోస్ కూడా చదవలేని ఫ్లాపీ కనబడితే ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. తొందరలో అవునని నొక్కేవారు ఉంటారు.

ఎన్నేళ్లయినా అయస్కాంతత్వం మిగిలే ఉంటుందా?

ఇంట్లో మామూలుగా ఉంచిన ఫ్లాపీ విషయంలో సాధారణంగా ఉంటుంది. ముప్పై ఏళ్ల నాటి ఫ్లాపీ చదవకపోతే అయస్కాంతత్వం తగ్గిందని భావించడం కంటే, పూతకు ఏదో జరిగిందనో, డ్రైవు సరిగా లేదనో భావించడం సమంజసం. పూత అంటే ఐరన్ ఆక్సైడ్ రేణువులను ఒక జిగురు పదార్థంలో కలిపి, పలచని పాలియెస్టర్ పొర మీద పరిచినది. సమాచారం ఉండేది రేణువుల్లో అయినా, ముందుగా పాడయ్యేది జిగురు. గాలిలోని తేమ దానిని మెత్తబరుస్తుంది, బూజు దానిని తింటుంది.

తిరుపతిలో ఫ్లాపీలకు రెండు వైపులా ఇబ్బందే. వేసవిలో శ్లాబు కింది అటక మీద తీవ్రమైన వేడి ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది. 2021 నవంబరు వరదల్లో నీళ్లు చేరిన ఇళ్లలో తడిసి, తరువాత మూసి ఉంచిన పెట్టెల్లోనే ఆరిన ఫ్లాపీలైతే బూజుతోపాటు ఎండిన బురద కూడా ఉంటుందనే అనుమానంతోనే చూడాలి. బురదలోని ఇసుక బూజుకంటే ప్రమాదకరం.

ఏ డ్రైవు కొనాలి? యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు సరిపోతుందా?

ఉపరితలం శుభ్రంగా ఉన్న 1.44 మెగాబైట్ల ఫ్లాపీలకు యూఎస్‌బీ డ్రైవు చాలు. ఇప్పటి కంప్యూటర్లు దానిని అదనపు సాఫ్ట్‌వేర్ ఏదీ లేకుండానే గుర్తిస్తాయి. అయితే దాని పరిమితిని తెలుసుకొని కొనాలి. యూఎస్‌బీ డ్రైవు తాను చదివినదానిని సెక్టార్లుగా మార్చి, సరిపోయిన సెక్టారును మాత్రమే కంప్యూటరుకు ఇస్తుంది. సరిపోకపోతే లోపం ఉందని చెప్పి ఊరుకుంటుంది. హెడ్డుకు వాస్తవంగా ఏ సంకేతం అందిందో మనకు చూపించదు. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీలకు ఇది ఏ విధంగానూ ఉపయోగపడదు.

దెబ్బతిన్న ఫ్లాపీలకు నా సలహా వేరు. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఉండే, 34 పిన్నుల రిబ్బన్ కేబుల్‌తో పనిచేసే అసలైన డ్రైవును సంపాదించి, దానిని ఫ్లక్స్ చదివే అడాప్టర్ ద్వారా కలపండి. టియాక్, సోనీ, పానసోనిక్, మిత్సుమి తయారుచేసిన డ్రైవులు పాత సామాను కొట్లలోనూ, మూలపడి ఉన్న క్యాబినెట్లలోనూ ఇప్పటికీ దొరుకుతాయి. ఒకటి కాదు, వీలైతే వేర్వేరు కంపెనీలవి రెండు మూడు తీసుకోండి. ఎందుకో కింద తెలుస్తుంది.

పాత డ్రైవును తెచ్చిన వెంటనే ముఖ్యమైన ఫ్లాపీని అందులో పెట్టకూడదు. ముందు మూత తీసి ధూళిని ఊదేసి, దూది పీచు రాలని స్వాబును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపి, రెండు హెడ్లనూ మెల్లగా తుడవాలి. పై హెడ్డు చాలా పలచని స్ప్రింగు రేకు మీద ఉంటుంది. దానిని ఎక్కువ ఎత్తి పట్టుకుంటే వంగిపోయి, ఆ డ్రైవు ఇక ఎప్పటికీ సరిగా చదవదు. తరువాత, పోయినా పరవాలేదనుకునే ఫ్లాపీ ఒకటి మొత్తం చదివించి, బయటికి తీసి, దాని మీద కొత్త గీతలేవీ పడలేదని టార్చితో చూసుకోవాలి. ఈ పరీక్ష నెగ్గిన డ్రైవునే అసలు పనికి వాడాలి.

ఫ్లక్స్ అడాప్టర్ అంటే ఏమిటి? ఆన్‌లైన్‌లో కనిపించే చవక బోర్డులన్నీ ఒకటేనా?

కావు. ఇక్కడే ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. 34 పిన్నులను యూఎస్‌బీకి మార్చే చిన్న బోర్డులు కొన్ని దొరుకుతాయి. వాటితో పాత డ్రైవు ఒక యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవుగా మారుతుంది తప్ప, పైన చెప్పిన పరిమితి అలాగే ఉంటుంది. గోటెక్ వంటివి మరో రకం. అవి చూడటానికి ఫ్లాపీ డ్రైవులాగే ఉన్నా, పాత యంత్రంలో ఫ్లాపీకి బదులు పెన్‌డ్రైవు వాడుకోవడానికి చేసినవి. వాటిలో ఫ్లాపీ దూర్చే చోటే ఉండదు.

మనకు కావలసినది గ్రీజ్‌వీజిల్, క్రయోఫ్లక్స్, సూపర్‌కార్డ్ ప్రో వంటి అడాప్టర్. ఇవి సెక్టార్ల జోలికి పోకుండా, ఫ్లాపీ మీద అయస్కాంత దిశ మారిన ప్రతి క్షణాన్నీ కాలంతో సహా నమోదు చేసి కంప్యూటరుకు పంపుతాయి. ఆ నమోదు ఒకసారి చేతికి వచ్చాక, ఫ్లాపీని మళ్లీ తిప్పకుండానే దానిని ఎన్నిసార్లయినా, ఎన్ని విధాలుగానైనా విశ్లేషించవచ్చు. ఇంకొకసారి తిప్పితే పూత ఊడిపోతుందేమో అనే స్థితిలో ఉన్న ఫ్లాపీకి ఇది ఎంత మేలో చెప్పనక్కరలేదు. వీటిలో గ్రీజ్‌వీజిల్ డిజైను, సాఫ్ట్‌వేర్ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. నేను అందరికీ దానినే సూచిస్తాను.

కలిపేటప్పుడు రెండు విషయాలు గమనించండి. రిబ్బన్ కేబుల్ మధ్యలో కొన్ని తీగలు మెలిపడి ఉంటాయి. ఆ మెలిక దాటిన తరువాతి చివర కలిపిన డ్రైవు ఎ అవుతుంది, మెలికకు ముందు కలిపినది బి అవుతుంది. డ్రైవు దీపం కరెంటు ఇచ్చినప్పటినుంచీ ఆరకుండా వెలుగుతూ ఉంటే కేబుల్ తలకిందులుగా పెట్టారని అర్థం. ఇక విద్యుత్తు విషయం. మూడున్నర అంగుళాల డ్రైవులకు సాధారణంగా 5 వోల్టులు చాలు. ఐదుంపావు అంగుళాల డ్రైవుకు 12 వోల్టులు కూడా కావాలి కాబట్టి పాత కంప్యూటర్ పవర్ సప్లయి వాడాలి.

బూజును ఎలా తొలగించాలి?

మాస్కు, చేతి తొడుగులు వేసుకోండి. బూజు ఉన్నవాటిని మంచివాటికి దూరంగా, వేరే బల్ల మీద పెట్టండి.

మచ్చలు ఒకటి రెండే ఉంటే తొడుగు విప్పకుండానే పని జరుగుతుంది. రేకును జరిపి, ఆల్కహాల్‌లో తడిపి పిండిన స్వాబును మచ్చ మీద ఆనించి, ట్రాకుల దిశలోనే, అంటే చుట్టు దిశలోనే మెల్లగా తుడవాలి. మొదటి స్పర్శ తరువాత స్వాబును తప్పక చూడండి. బూడిదరంగు లేదా నలుపు కనిపిస్తే వచ్చినది బూజు. గోధుమరంగు అంటుకుంటే వస్తున్నది పూత. అప్పుడు వెంటనే ఆపేయాలి.

మచ్చలు అన్నివైపులా ఉంటే తొడుగు లోపలి మెత్తని గుడ్డపొరలో కూడా బూజు ఉన్నట్టే. పైపైన తుడిస్తే ఆ గుడ్డ మళ్లీ అంటిస్తుంది. అందువల్ల తొడుగు విప్పి లోపలి బిళ్లను బయటికి తీయాలి. రేకును కొద్దిగా విడదీసి జారిస్తే ఊడివస్తుంది. దాని చిన్న స్ప్రింగు ఎగిరిపడకుండా చూసుకోండి. తొడుగు రెండు సగాలు మూలల దగ్గర అతికి ఉంటాయి. పలచని బ్లేడును అంచున దూర్చి, లోపలికి పోకుండా ఒక్కో మూలనే విడదీయాలి. బిళ్లను మధ్యనున్న లోహపు చక్రం దగ్గరే పట్టుకోవాలి.

తరువాత వెడల్పాటి పళ్లెంలో డిస్టిల్డ్ వాటర్ పోసి, వాసన లేని పాత్రల సబ్బు ద్రవం ఒక చుక్క కలపండి. కుళాయి నీళ్లు వాడవద్దు. మన ప్రాంతపు బోరు నీటిలోని ఉప్పులు ఆరాక పూత మీద తెల్లని గట్టి పొరగా మిగిలిపోతాయి. బిళ్లను ఆ నీటిలో మెల్లగా ఆడించి, తడి స్వాబుతో రెండు వైపులా తుడిచి, సబ్బు లేని డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగాలి. ఎక్కువసేపు నానబెట్టకూడదు. లోహపు చక్రాన్ని పొరకు అతికించిన జిగురు వదులవుతుంది, చక్రం తుప్పు పడుతుంది. ఆల్కహాల్‌లో బిళ్లను ముంచకపోవడానికి కూడా ఆ జిగురే కారణం.

ఆరబెట్టడానికి చక్రం రంధ్రంలో నూలుదారం దూర్చి, ఫ్యాను తిరిగే గదిలో ఒక రోజంతా వేలాడదీయండి. ఎండలో పెట్టవద్దు, హెయిర్ డ్రయర్ వాడవద్దు. పొర కొద్దిగా వంకరపోయినా హెడ్డు దానిని సరిగా తాకలేదు. పూర్తిగా ఆరిన బిళ్లను అదే రకం పనికిరాని ఫ్లాపీ నుంచి తీసిన శుభ్రమైన తొడుగులో అమర్చాలి. లోహపు చక్రం వెనుకవైపు బయటికి కనిపించేటట్టు పెట్టాలి. తొడుగు అంచులను సన్నని టేపుతో అతికిస్తే చాలు. టేపు రేకు దారికి అడ్డం రాకూడదు, అంతే.

శుభ్రం చేసిన ఫ్లాపీని ఎలా చదవాలి?

గ్రీజ్‌వీజిల్ కలిపి ఉంటే, మొదట ఫ్లక్స్ నమోదు, ఆ తరువాత దాని నుంచి సెక్టార్ల ప్రతి:

```
gw read --drive=A --revs=5 disk07.scp
gw convert --format=ibm.1440 disk07.scp disk07.img
```

మొదటి ఆజ్ఞ ప్రతి ట్రాకునూ ఐదు చుట్లు నమోదు చేస్తుంది. ఆ ఫైలు వంద మెగాబైట్లకు పైగా ఉండవచ్చు. దానిని ఎప్పటికీ చెరపకండి. రెండవ ఆజ్ఞ 2880 సెక్టార్లలో ఎన్ని దొరికాయో, ఏ ట్రాకులో ఏ సెక్టారు దొరకలేదో పటంగా చూపిస్తుంది. దొరకని సెక్టారు స్థానంలో `-=[BAD SECTOR]=-` అనే మాటలను నింపుతుంది కాబట్టి, తరువాత ఫైలులో లోపం ఎక్కడుందో వెతకడం తేలిక.

యూఎస్‌బీ డ్రైవు మాత్రమే ఉన్నవారు లినక్స్‌లో ఈ విధంగా చేయవచ్చు. డ్రైవు పేరు మీ కంప్యూటరులో వేరుగా ఉండవచ్చు కాబట్టి ముందు `lsblk` తో సరిచూసుకోండి:

```
ddrescue -d -r1 /dev/sdb disk07.img disk07.map
```

దీనిలో గొప్ప సౌలభ్యం చివరనున్న మ్యాప్ ఫైలు. ఒక డ్రైవు చదవలేనివి ఏవో అందులో ఉంటాయి. ఫ్లాపీని మరో డ్రైవులో పెట్టి ఇదే ఆజ్ఞను మళ్లీ ఇస్తే, మిగిలిపోయిన సెక్టార్లను మాత్రమే ప్రయత్నిస్తుంది.

చదువుతున్నంతసేపూ చెవి డ్రైవు మీదే ఉండాలి. కీచుమనే శబ్దం గానీ, మోటారు భారంగా తిరుగుతున్న శబ్దం గానీ వస్తే ఆపి, ఫ్లాపీని తీసి, హెడ్లను తుడవాలి. బూజు పట్టిన ప్రతి ఫ్లాపీ తరువాత శబ్దం రాకపోయినా హెడ్లను తుడవవలసిందే.

కొన్ని సెక్టార్లు రాలేదు. కారణం ఎలా తెలుసుకోవాలి?

లోపాల పటాన్ని చూడండి. దాని ఆకారమే కారణాన్ని చెబుతుంది. ఫ్లాపీలో ఒక్కో వైపు 80 ట్రాకులు, ఒక్కో ట్రాకులో 18 సెక్టార్లు ఉంటాయి. సున్నా ట్రాకు అన్నిటికంటే బయటి అంచున ఉంటుంది. పక్కపక్క ట్రాకుల్లో ఒకే సంఖ్య గల సెక్టారు పోతూ ఉంటే, పూత మీద ఒకచోట మచ్చ ఉందని అర్థం. అది బూజు అయితే మళ్లీ శుభ్రం చేసి ప్రయత్నించవచ్చు. ఒకే ట్రాకులోని 18 సెక్టార్లూ పోయి, అటూ ఇటూ ఉన్నవి బాగుంటే అది వలయాకారపు గీత. వెలుతురు దాటి వచ్చేటంతగా పూత ఊడిపోతే అక్కడి సమాచారాన్ని ఏ పరికరమూ తిరిగి ఇవ్వలేదు. ఎందుకంటే ఆ సమాచారం ఉన్న రేణువులే అక్కడ లేవు. మూడవది, ఉపరితలం నున్నగా ఉన్నా లోపాలు ఫ్లాపీ అంతటా చెదురుమదురుగా, ప్రతిసారీ వేర్వేరు చోట్ల వస్తూ ఉండటం. అప్పుడు అనుమానించవలసింది హెడ్ల అమరికను. ఆనాటి డీటీపీ సెంటరులోని డ్రైవు హెడ్డు కొంచెం పక్కకు జరిగి ఉంటే, అది రాసిన ట్రాకులు కూడా పక్కకు జరిగే ఉంటాయి. వేర్వేరు కంపెనీల డ్రైవులు రెండు మూడు ఉండాలని పైన చెప్పింది ఇందుకే. వాటిలో ఒకటి ఆ తేడాకు దగ్గరగా ఉండే అవకాశం ఉంది.

ఒక ఉదాహరణతో వివరించగలరా?

తిరుపతిలోని ఒక విశ్రాంత అధ్యాపకుని ఇంటి నుంచి వచ్చిన ఫ్లాపీని తీసుకుందాం. 1990ల చివర సిద్ధం చేసిన పరిశోధన గ్రంథంలోని మూడవ అధ్యాయం అందులో ఉంది. కింది వైపు బయటి అంచున ఆవగింజంత బూజు మచ్చ, పై వైపు మధ్య భాగంలో వెంట్రుకంత సన్నని వలయపు గీత కనిపించాయి. మచ్చ ఒకటే కాబట్టి తొడుగు విప్పకుండా తుడిచి చదివినప్పుడు 2880లో 2856 సెక్టార్లు వచ్చాయి. రాని 24లో ఆరు సున్నా నుంచి ఐదు వరకు గల ట్రాకుల్లో ఐదవ సెక్టార్లు. అది మచ్చ. మిగతా 18 రెండవ వైపున 41వ ట్రాకు మొత్తం. అది గీత.

మచ్చను మరొకసారి తుడిచి చదివితే మూడు, నాలుగు, ఐదు ట్రాకులవి వచ్చాయి. సున్నా, ఒకటి, రెండు ట్రాకులవి రాలేదు. అక్కడ బూజు జిగురులోకి దిగిపోయింది. ఇంకా తుడిస్తే స్వాబుకు గోధుమరంగు అంటేలా ఉందని అక్కడితో ఆపాము.

ఇప్పుడు మిగిలిన 21 సెక్టార్లలో నిజంగా పోయినది ఎంత? మొదట సున్నా ట్రాకు. ఏ ఫైలు ఏ సెక్టార్లలో ఉందో చెప్పే పట్టిక ఈ ట్రాకులోనే ఉంటుంది కాబట్టి, ఇక్కడి 512 బైట్లు పోతే చాలా ఫైళ్ల దారి తప్పుతుంది. అయితే డాస్ ఆ పట్టికను రెండుసార్లు రాస్తుంది. సెక్టార్లను సున్నా నుంచి లెక్కిస్తే మొదటి ప్రతి 1 నుంచి 9 వరకు, రెండవది 10 నుంచి 18 వరకు ఉంటుంది. అంటే ఒక్కో భాగానికీ దాని నకలుకూ మధ్య తేడా తొమ్మిది సెక్టార్లు. ట్రాకుకు 18 సెక్టార్లు కాబట్టి, చివరి ఒక్క భాగం తప్ప మిగతావాటికి నకలు అదే చుట్టులో సరిగ్గా ఎదురుగా వస్తుంది. ఒకచోట పడిన మచ్చ రెండింటినీ ఒకేసారి తినలేదు. అదే సున్నా ట్రాకు పొడవునా గీత పడి ఉంటే రెండూ పోయేవి. మన ఫ్లాపీలో పోయినది 4, దాని నకలు 13 క్షేమంగా ఉంది. అసలు ప్రతిని తాకకుండా, ఇంకొక నకలు తీసి అందులో సరిచేశాము:

```
cp disk07.img work.img
dd if=disk07.img of=work.img bs=512 skip=13 seek=4 count=1 conv=notrunc
```

తరువాత 41వ ట్రాకు. సున్నా నుంచి లెక్కిస్తే ఆ గీత 1494 నుంచి 1511 వరకు గల సెక్టార్లలో పడింది. పట్టిక చూస్తే ఫ్లాపీలో ఉన్న ఫైళ్లన్నీ కలిపి సుమారు 600 కిలోబైట్లే, అవి 1494 కంటే ముందే ముగిశాయి. చూడగానే భయం కలిగించిన గీత ఖాళీ జాగాలో పడిందన్నమాట. చివరికి నిజంగా పోయినవి 40, 76 సంఖ్యల సెక్టార్లు రెండే, రెండూ ఒకే అధ్యాయపు ఫైలులోవి. ఆ 1024 బైట్ల పాఠాన్ని, అదే పరిశోధన గ్రంథపు అచ్చు ప్రతిలో చూసి తిరిగి చేర్చారు.

ఫ్లాపీ జిగటగా ఉండి తిరగడం లేదు. ఏం చేయాలి?

పూతలోని జిగురు తేమను పీల్చి మెత్తబడిన ఫ్లాపీ అది. ఐదుంపావు అంగుళాల వాటిలో ఎక్కువగా కనిపిస్తుంది. డ్రైవులో పెట్టగానే కీచుమంటుంది, హెడ్డు మీద గోధుమరంగు గీత మిగులుతుంది. దీనిని బలవంతంగా తిప్పకూడదు. అనుభవం ఉన్నవారు సైక్లోమెథికోన్ అనే పలచని సిలికాన్ ద్రవాన్ని ఉపరితలం మీద కొద్దిగా పూసి, అది ఆవిరయ్యేలోపు ఫ్లక్స్ నమోదు చేసుకుంటారు. పాత టేపులను ఓవెన్‌లో వేడిచేసే పద్ధతి గురించి విని ఫ్లాపీలను కూడా అలాగే చేద్దామా అని కొందరు అడుగుతున్నారు. వద్దు. ఇంటి ఓవెన్‌లో వేడి అదుపులో ఉండదు, పొర వంకరపోతే ఆ నష్టాన్ని సరిచేసే మార్గం లేదు. ముఖ్యమైన సమాచారమైతే ఈ ఒక్క రకాన్ని మాత్రం స్వయంగా ప్రయత్నించకుండా, ఆ పని చేసేవారికి అప్పగించడమే మంచిది.

ఫైలు వచ్చింది, కానీ తెరిస్తే తెలుగుకు బదులు అర్థంకాని అక్షరాలు కనిపిస్తున్నాయి. ఫ్లాపీ పాడైనట్టా?

సాధారణంగా కాదు. ఆనాటి డీటీపీ తెలుగు యూనికోడ్‌లో ఉండేది కాదు. ఆంగ్ల అక్షరాల సంకేతాల మీదే తెలుగు అక్షరాల బొమ్మలను అమర్చిన ఫాంట్లను వాడేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే పాఠం పిచ్చి అక్షరాలుగా కనిపిస్తుంది. తేడా గుర్తించడం కష్టం కాదు. ఫైలు మొదటినుంచి చివరివరకు ఒకే తీరుగా ఉండి, మాటల మధ్య ఖాళీలు, పేరాలు సరిగా ఉంటే సమస్య ఫాంటుదే. అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లలో ఏది వాడారో ఆనాటి డీటీపీ చేసినవారిని అడిగి తెలుసుకుని, దానికి సరిపోయే మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. మధ్యలో సరిగ్గా 512 బైట్ల మేర మాత్రమే తీరు మారిపోతే, లేదా పైన చెప్పిన లోపపు గుర్తు కనిపిస్తే, అది ఫ్లాపీ నుంచి రాని సెక్టారు. అదే పెట్టెలో ఫాంట్లు ఉన్న ఫ్లాపీ కూడా ఉందేమో చూడండి. చాలామంది అధ్యాయాలతోపాటు దానిని కూడా ఇప్పించుకునేవారు.

చదవడం అయ్యాక ఫ్లాపీలను పారేయవచ్చా?

ప్రతి ఫైలునూ తెరిచి చూసి, ఫ్లక్స్ నమోదు రెండు వేర్వేరు చోట్ల భద్రపరచేవరకు పారేయవద్దు. చదవని సెక్టార్లు మిగిలి ఉన్న ఫ్లాపీని, తొడుగు మీద ఏ సెక్టార్లు రాలేదో రాసి, సిలికా జెల్ పొట్లంతో సహా గాలి చొరని డబ్బాలో, అటక మీద కాకుండా గదిలో నీడపట్టున నిలువుగా ఉంచండి. బూజు పట్టి శుభ్రం చేసినవాటి డబ్బా వేరుగా ఉండాలి. ఏసీ గదిలో ఉంచినదాన్ని మళ్లీ చదవాలనుకుంటే, డబ్బా మూత తీయకుండానే బయటి గదిలో కొన్ని గంటలు ఉంచి, చల్లదనం పోయాకే తెరవండి. లేకపోతే నవంబరు గాలిలోని తేమ చల్లని పూత మీద పేరుకుంటుంది.